జూన్ 30న పత్తి విత్తనం అమ్మకం ఎంత? వాపసు రాబోయే సరుకుకు ఆదాయం, వ్యయం ఆపి రాయడం

ప్రశ్న: మాది పత్తి విత్తనాల కంపెనీ. లిస్టెడ్ కంపెనీకి అనుబంధ సంస్థ కాబట్టి లెక్కలు ఇండ్ ఏఎస్ ప్రకారమే. ఏప్రిల్, మే నెలల్లో డీలర్లకు లక్ష ప్యాకెట్లు పంపి, బిల్లు వేసి, అంతా అమ్మకంగా రాశాను. సీజన్ అయ్యాక మిగిలింది వెనక్కి తీసుకుని క్రెడిట్ నోటు ఇవ్వడం మా దగ్గర మామూలే. ఇప్పుడు ఆడిటరు జూన్ 30 నాటికే వాపసు అంచనా కట్టి అమ్మకం, ఖర్చు రెండూ తగ్గించమంటున్నారు. ఇంతవరకు ఒక్క ప్యాకెట్టు కూడా వెనక్కి రాలేదు. రాని సరుకుకు శాతం ఎలా తేల్చాలి? ఎంట్రీలు ఎలా వేయాలి?

సమాధానం:

మీ ఆడిటరు చెప్పింది సరైనదే. బిల్లు మీద ఉన్న మొత్తం మీకు రావలసిన మొత్తం కాదు. డీలరు ప్యాకెట్టు వెనక్కి ఇస్తే డబ్బు తిరిగి ఇస్తానని మీరు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు కాగితం మీద ఉన్నా, ఏళ్ల తరబడి వాడుకగా వస్తున్నా తేడా లేదు. ఇండ్ ఏఎస్ 115 ప్రకారం చివరకు మీ దగ్గర నిలుస్తుందని మీరు ఆశించే మొత్తమే ఆదాయం. వెనక్కి వస్తుందనుకున్న భాగాన్ని మొదటి రోజునుంచే ఆదాయంలో కలపకుండా రీఫండ్ బాధ్యతగా పెట్టాలి. ఆ సరుకును తిరిగి తీసుకునే హక్కును ఒక ఆస్తిగా పెట్టి, ఆ మేరకు అమ్మిన సరుకు వ్యయాన్ని తగ్గించాలి. సూత్రం ఇంతే. విత్తనాల వ్యాపారంలో మూడు చోట్ల కాలు జారుతుంది. నేను ఈ రంగంలోనే చాలా ఏళ్లు ఖాతాలు చూశాను కాబట్టి ఆ మూడూ వరసగా చెబుతాను.

శాతం గురించి ఆలోచించే ముందు మీది అసలు అమ్మకమేనా అని చూడండి. మీ డీలరు ఒప్పందం తీసి ఈ ప్రశ్నలు వేసుకోండి. రైతుకు అమ్మినా అమ్మకపోయినా డీలరు మీకు డబ్బు కట్టవలసిందేనా, లేక అమ్మినంత వరకే కడతాడా? సీజన్ మధ్యలో ఒక డీలరు దగ్గర పేరుకుపోయిన సరుకును మీ సేల్స్ ఆఫీసరు తన ఇష్టప్రకారం పక్క జిల్లా డీలరుకు మళ్లించగలడా? వానలు పడ్డ చోటికి సరుకు మళ్లించడం మన వ్యాపారంలో ప్రతి జూలైలో జరిగే పనే. డీలరుకు కట్టవలసిన బాధ్యత గట్టిగా లేకుండా, సరుకు ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయిస్తుంటే, ఆ ప్యాకెట్లు డీలరు గోడౌనులో ఉన్నా మీవే. అది కన్‌సైన్‌మెంట్. అప్పుడు శాతం గొడవే లేదు, రైతు చేతికి వెళ్లిన ప్యాకెట్టుకే ఆదాయం రాస్తారు, మిగతాది మీ స్టాకులోనే ఉంటుంది. డీలరు ముందస్తు సొమ్ము కట్టి బుక్ చేసుకున్నాడు, సరుకు మళ్లించాలంటే అతని ఒప్పుదల కావాలి, అతను వెనక్కి ఇస్తేనే క్రెడిట్ నోటు, అన్నట్లయితే అది అమ్మకమే, వాపసు హక్కు ఉన్న అమ్మకం. మీ ప్రశ్న చదివితే రెండోదే అనిపిస్తోంది. దాన్నే పట్టుకుని ముందుకు వెళతాను.

ఇప్పుడు శాతం. మొదటి జారుడు ఇక్కడే. గత ఐదు ఖరీఫ్‌ల వాపసు శాతాలు తీసి సగటు కట్టడం అందరూ చేసే పని. మీ లెక్కలు 14, 12, 29, 15, 13 అని అనుకుందాం. సగటు 16.6. దీన్ని తీసుకుని ఎంట్రీ వేసేస్తే చాలామంది ఆడిటర్లు కూడా ఊరుకుంటారు. కానీ ఆ 29 ఏమిటో చూడండి. వానలు ఆలస్యమైన ఏడాది అది. ఐదేళ్లలో ఒక్క ఏడాది కూడా 16.6 దగ్గర లేదు. నాలుగు మామూలు ఏళ్లు 12 నుంచి 15, ఒక చెడ్డ ఏడాది 29.

బట్టల దుకాణంలో వెయ్యిమంది కొంటే ఎవరి వాపసు వారిది. ఒకరికి రంగు నచ్చదు, ఒకరికి కొలత సరిపోదు. అలాంటి చోట సగటు బాగా పనిచేస్తుంది, ఒకరి తప్పు మరొకరి ఒప్పుతో సర్దుకుంటుంది. విత్తనంలో అలా కాదు. నాలుగు వందల మంది డీలర్లు ఉన్నా అందరూ ఒకే మబ్బు కింద ఉన్నారు. వాన ఆలస్యమైతే అందరి దగ్గరా ఒకేసారి మిగులుతుంది. అందుకే ఐదేళ్ల సగటు మీకు రక్షణ ఇవ్వదు. ప్రమాణంలో ఇంకో షరతు కూడా ఉంది: గుర్తించిన మొత్తం ఆదాయంలో పెద్ద భాగం తర్వాత వెనక్కి పోదని గట్టి నమ్మకం ఉన్నంత వరకే ఆదాయం రాయాలి. 16.6 పెట్టి కూర్చుంటే, ఐదింట ఒక వంతు అవకాశంతో సెప్టెంబరులో మీరు రాసిన ఆదాయంలో పెద్ద ముక్క తిరిగి పోతుంది. దాన్ని గట్టి నమ్మకం అనలేం. అలాగని భయపడి 29 పెట్టడమూ తప్పే. మామూలు ఏడాదిలో కావాలని లాభం దాచి, తర్వాతి త్రైమాసికంలో బయటికి తీసినట్లవుతుంది.

అయితే జూన్ 30న మీ చేతిలో పాత శాతాలు ఒక్కటే ఉండవు. అప్పటికే సీజన్‌లో కొంత గడిచిపోయింది, అది మీ పక్షాన పనిచేసే విషయం. కాబట్టి శాతంతో మొదలుపెట్టకుండా ప్యాకెట్లతో మొదలుపెట్టండి. లక్ష ప్యాకెట్లను రెండు కుప్పలుగా విడదీయండి. ఒకటి, జూన్‌లోనే మంచి వాన పడి విత్తనం వేసేసిన ప్రాంతాలు. రెండు, ఇంకా వాన కోసం చూస్తున్న ప్రాంతాలు.

మొదటి కుప్పకు 40,000 ప్యాకెట్లు వెళ్లాయనుకుందాం. డీలర్ల స్టాకు వివరాల ప్రకారం 34,000 రైతుల చేతికి వెళ్లాయి, 6,000 మిగిలాయి. మొలక రాని చోట్ల మళ్లీ విత్తుకోవడానికి కొన్ని పోతాయి. 4,000 వెనక్కి వస్తాయని వేసుకోండి. ఇక్కడ అనిశ్చితి తక్కువ.

రెండో కుప్పకు 60,000 వెళ్లాయి. 32,000 అమ్ముడయ్యాయి, 28,000 దుకాణాల్లో ఉన్నాయి. మామూలు ఏడాదిలో జూలై నెలలో ఇందులో ఇంకో 18,000 అమ్ముడయ్యేవి. వానలు రెండు వారాలు వెనకబడిన ఏడాదిలో 12,000 మాత్రమే పోయాయని మీ పాత లెక్కలు చెబుతున్నాయనుకోండి. జూలై మూడో వారం దాటితే చాలామంది రైతులు పత్తి మానుకుని వేరే పంటకు మారతారు కాబట్టి కాలం చాలా తక్కువ. జూన్ ఆఖరుకు ఈ ప్రాంతాల్లో వాన లేదు కాబట్టి నేను 12,000 లెక్కనే తీసుకుంటాను. అంటే 16,000 వాపసు. రెండు కుప్పలూ కలిపితే 20,000, మొత్తంలో 20 శాతం. ఈ 20 శాతాన్ని ఆడిటరు ముందు ప్యాకెట్టు ప్యాకెట్టుగా విడదీసి చూపించగలరు. సగటు శాతానికి ఆ బలం ఉండదు. ఎందుకు 16,000 అని అడిగితే, ఆ వెనుక ఉన్న జిల్లాల వారీ స్టాకు కాగితం చూపిస్తారు.

ఇక్కడే రెండో జారుడు ఉంది. అది ఈ కాగితం నిజాయతీ. మన సేల్స్ వాళ్ల మాటల్లో సరుకు దుకాణంలో పెట్టించడం ప్లేస్‌మెంట్, రైతుకు అమ్ముడవడం లిక్విడేషన్. వాళ్ల ప్రోత్సాహకం చాలాచోట్ల ప్లేస్‌మెంట్ మీద ఉంటుంది. అందుకే లిక్విడేషన్ అంకె ఎప్పుడూ కొంచెం ఉబ్బే ఉంటుంది. ఒక ఏడాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక డీలరు దగ్గరికి మా ఆఫీసరుతో పాటు వెళ్లాను. కాగితంలో 1,800 ప్యాకెట్లు అమ్ముడయ్యాయని ఉంది. దుకాణంలో నిజంగానే లేవు. సాయంత్రం టీ తాగుతుంటే పక్క ఊరి చిన్న దుకాణదారు వచ్చి, "అన్నా, నీ అట్టపెట్టెలు నా వెనక గదిలో ఇంకా విప్పలేదు, వాన పడితే చూద్దాం" అన్నాడు. 1,800లో 1,100 అక్కడే ఉన్నాయి. డీలరు అబద్ధం ఆడలేదు, తన మట్టుకు అమ్మేశాడు. కానీ చిన్న దుకాణదారు వెనక్కి ఇస్తే డీలరు మీకు వెనక్కి ఇస్తాడు. కాబట్టి మీ లెక్కకు రైతు చేతికి చేరితేనే అమ్మకం.

దీన్ని పట్టుకోవడానికి ఆఫీసులో కూర్చునే చేయగల పని ఒకటుంది. నిరుడు జూన్ 30న డీలరు వారీగా అమ్ముడయ్యాయని రాసిన అంకెను, అదే డీలరు ఆ తర్వాత నిజంగా వెనక్కి పంపిన అంకెను పక్కపక్కన పెట్టండి. 500 పంపితే 450 అమ్ముడయ్యాయని చెప్పి, సెప్టెంబరులో 130 వెనక్కి పంపిన డీలరు దొరుకుతాడు. అలాంటివాళ్ల పేర్లు మహా అయితే ముప్పై ఉంటాయి. ఆ ముప్పై మంది దగ్గరికి జూన్ ఆఖరి వారంలో ఖాతాల విభాగం మనిషే వెళ్లి, స్టాకు రిజిస్టరు చూసి, కింది దుకాణాలకు వేసిన బిల్లులు కూడా చూడాలి. విత్తన డీలరు లైసెన్సు ఉన్నవాళ్లు స్టాకు రిజిస్టరు రాయక తప్పదు, వ్యవసాయ శాఖ తనిఖీకి వచ్చినా అదే అడుగుతుంది.

పాత శాతాలు కట్టేటప్పుడు ఇంకో తప్పు తరచూ చూస్తాను. జూలై నుంచి సెప్టెంబరు వరకు వచ్చిన వాపసులను అదే త్రైమాసికం అమ్మకంతో భాగిస్తారు. ఆ మూడు నెలల్లో అమ్మకం చాలా తక్కువ, వాపసులేమో ఏప్రిల్, మే నెలల సరుకువి. శాతం ఆకాశంలో ఉంటుంది, ఆ తర్వాత అది తప్పని ఎవరో అంటే మొత్తం పద్ధతినే వదిలేస్తారు. వాపసును ఎప్పుడూ ఆ సరుకు బయలుదేరిన సీజనుతోనూ, ఆ రకంతోనూ కలిపి చూడాలి. మొలక రాలేదని రైతు ఫిర్యాదు చేస్తే బదులు ఇచ్చిన ప్యాకెట్లను ఈ చరిత్రలో కలపకండి. అది లోపమున్న సరుకుకు బదులు, వారంటీ లెక్క. ఇక్కడ మనం మాట్లాడుతున్నది మంచి సరుకు మిగిలిపోయి వెనక్కి రావడం గురించి.

మూడో జారుడు ఖర్చు వైపు. నాకు తెలిసినంతలో ఎక్కువ డబ్బు తప్పుగా రాసేది ఇక్కడే. మీరు డీలరుకు ప్యాకెట్టు 700 రూపాయలకు బిల్లు వేశారనీ, మీకు పడిన ఖర్చు 420 అనీ అనుకుందాం. చాలామంది 20,000 ప్యాకెట్లకు 420 చొప్పున 84 లక్షలు వాపసు సరుకు ఆస్తిగా పెట్టేస్తారు. ఆ ప్యాకెట్టు వెళ్లినంత కొత్తగా తిరిగి వస్తుందన్న భ్రమ ఇందులో ఉంది.

వాపసు పత్తి విత్తనం పరిస్థితి చూడండి. ఏప్రిల్‌లో వెళ్లిన ప్యాకెట్టు మే ఎండల్లో రేకుల షెడ్డులో ఉండి, ఆగస్టు తేమలో తడిసి, సెప్టెంబరులో వస్తుంది. పత్తికి కనీస మొలక శాతం 75. తిరిగి వచ్చిన లాట్లలో కొన్ని ఆ గీత దాటవు. లేబుల్ గడువు మొదటి పరీక్షనుంచి 9 నెలలు, ఆ తర్వాత మళ్లీ పరీక్షలో నెగ్గితేనే ఇంకో 6 నెలలు. నెగ్గిన విత్తనానికి కూడా సంచి మార్చాలి, ఎందుకంటే 475 గ్రాముల బీజీ-2 ప్యాకెట్టు గరిష్ఠ ధరను కేంద్ర ప్రభుత్వమే ఏటా నిర్ణయిస్తుంది. 2024-25లో అది 864 రూపాయలు, 2025-26లో 901. పాత ధర ముద్రించిన సంచిలో కొత్త సీజను ధరకు అమ్మలేరు. ఇక నెగ్గని విత్తనాన్ని నూనె మిల్లుకు పంపే వీలు కూడా లేదు, దానికి పురుగుమందు పట్టించి ఉంటుంది. నాశనం చేయడమే.

ప్రమాణం కూడా ఇదే అడుగుతుంది. వాపసు సరుకు ఆస్తిని పాత స్టాకు విలువతో మొదలుపెట్టి, వెనక్కి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చునూ, తిరిగి వచ్చిన సరుకులో మీరు పోగొట్టుకునే విలువనూ అందులోంచి తీసేయాలి. మీ పాత లెక్కల్లో తిరిగి వచ్చినవాటిలో 30 శాతం మొలక పరీక్షలో ఓడాయనీ, లారీ కిరాయి, పరీక్ష, సంచి మార్పు కలిపి ప్యాకెట్టుకు 30 రూపాయలనీ అనుకుందాం. అప్పుడు ఒక్కో వాపసు ప్యాకెట్టు విలువ 420లో 70 శాతం, అంటే 294. అందులోంచి 30 తీస్తే 264. 20,000 ప్యాకెట్లకు 52 లక్షల 80 వేలు. 84 లక్షలు కాదు.

ఇప్పుడు ఎంట్రీలు చూడండి. సరుకు పంపిన సమయంలోనే ఈ అంచనా ఉంటే మొదటినుంచే ఇలా రాసేవారు. మీరు మొత్తం అమ్మకంగా రాసేశారు కాబట్టి జూన్ 30న సర్దుబాటు వేసి ఇక్కడికే తీసుకురండి. అంకెలు లక్షల్లో.

```
డీలర్ల ఖాతా                    డెబిట్    700.00
    అమ్మకాల ఆదాయం              క్రెడిట్   560.00
    రీఫండ్ బాధ్యత               క్రెడిట్   140.00

అమ్మిన సరుకు వ్యయం              డెబిట్    367.20
వాపసు సరుకు ఆస్తి               డెబిట్     52.80
    స్టాకు                      క్రెడిట్   420.00
```

స్థూల లాభం 192 లక్షల 80 వేలు. మీరు మొదట రాసినట్లు వదిలేస్తే 280 లక్షలు కనిపించేది. ఇరవై శాతం లాభం ఆపేద్దామని మొత్తాన్ని 80 శాతంతో గుణించి ఉంటే 224 లక్షలు. ఈ 224కూ 192.80కూ మధ్య ఉన్న 31 లక్షల 20 వేలే చాలామందికి కనిపించని భాగం. పాడైపోయే 6,000 ప్యాకెట్ల ఖర్చు 25 లక్షల 20 వేలు, వెనక్కి తెచ్చే ఖర్చు 6 లక్షలు. వాపసు తప్పదని తెలిసి పంపిన రోజే ఈ నష్టం మొదలైంది, లారీ తిరిగి వచ్చిన రోజున కాదు.

బ్యాలెన్స్ షీటులో 140 లక్షలనూ 52.80 లక్షలనూ ఒకదాంట్లో ఒకటి కలిపేయకూడదు. బాధ్యత బాధ్యతల వైపు, ఆస్తి ఆస్తుల వైపు విడివిడిగా కనిపించాలి. ఆస్తిని స్టాకులో కలపకండి, అది ఇంకా డీలరు దుకాణంలో ఉంది. బ్యాంకుకు నెలనెలా పంపే స్టాకు స్టేట్‌మెంటులో కూడా దాన్ని చేర్చకండి. డీలర్ల బకాయిలు చూపేటప్పుడు 700 లక్షలకు ఎదురుగా 140 లక్షల బాధ్యత ఉందని బ్యాంకుకు చెప్పడం మంచిది. చెప్పకుండా పూర్తి బకాయి మీద అప్పు వాడుకుంటే అక్టోబరులో క్రెడిట్ నోట్లు పడినప్పుడు పరిమితి ఒక్కసారిగా కుంగుతుంది.

విత్తనాల మీద జీఎస్టీ లేదు కాబట్టి మీకు ఒక చిక్కు తప్పింది. పన్ను ఉన్న సరుకైతే రీఫండ్ బాధ్యతను పన్ను లేకుండా కట్టి, పన్ను వైపు క్రెడిట్ నోటు గడువును విడిగా చూసుకోవలసి వచ్చేది.

ఇప్పుడు జూలై సంగతి. తల్లి కంపెనీ త్రైమాసిక ఫలితాలు 45 రోజుల్లో ప్రకటించాలి, అంటే ఆగస్టు 14 లోపు. ఆలోగా మీకు కొత్త వివరాలు వస్తూనే ఉంటాయి. వాటన్నిటినీ జూన్ 30 లెక్కలోకి తోయకూడదు, అన్నిటినీ వదిలేయకూడదు. నేను పాటించే గీత ఇది. జూన్ 30 నాటికి నిజమైనదాన్ని జూలైలో తెలుసుకుంటే జూన్ లెక్క సరిదిద్దాలి. అమ్ముడయ్యాయన్న 1,100 ప్యాకెట్లు చిన్న దుకాణం వెనక గదిలో ఉన్నాయని జూలై 10న తెలిస్తే, అవి జూన్ 30న కూడా అక్కడే ఉన్నాయి. అది జూన్ లెక్క. జూలై 15 తర్వాత వాన ముఖం చాటేయడం జూన్ 30న లేని కొత్త సంగతి. అది సెప్టెంబరు త్రైమాసికం లెక్క. పెద్దదైతే జూన్ ఫలితాల నోట్లలో ఒక వాక్యం చెప్పాలి. ఈ గీత మీద ఆడిటర్లందరూ ఒకే మాట మీద ఉండరు, కాబట్టి మీ ఆడిటరుతో జూన్ ముగిసేలోపే మాట్లాడుకుని ఒక కాగితం రాసి పెట్టుకోండి. ఫలితాల ముందు రోజు ఈ వాదన పెట్టుకుంటే ఎవరికీ బాగుండదు.

సెప్టెంబరు 30 నాటికి వాపసు 26,000 అని తేలిందనుకోండి. అదనంగా 6,000 ప్యాకెట్లు. ఆదాయం 42 లక్షలు తగ్గించి రీఫండ్ బాధ్యత పెంచుతారు. వాపసు సరుకు ఆస్తిని 6,000 ప్యాకెట్లకు 264 చొప్పున 15 లక్షల 84 వేలు పెంచి అమ్మిన సరుకు వ్యయం తగ్గిస్తారు. లాభం మీద పడే భారం 26 లక్షల 16 వేలు. ఇది సెప్టెంబరు త్రైమాసికంలోనే పడుతుంది, జూన్ అంకెను వెనక్కి వెళ్లి మార్చరు. అంచనా మారింది, జూన్ నాడు ఉన్న సమాచారంతో అది తప్పు కాదు. జూన్ నాడు చేతిలో ఉన్న డీలరు కాగితాన్నే చూడకుండా అంచనా కట్టి ఉంటే మాత్రం దాన్ని అంచనా మార్పు అని దాటవేయలేరు, అది పొరపాటే.

సరుకు నిజంగా వచ్చినప్పుడు కొత్త లాభనష్టం ఏమీ పుట్టకూడదు, అంచనా సరిగ్గా ఉంటే. క్రెడిట్ నోట్లు ఇచ్చినప్పుడు రీఫండ్ బాధ్యత 182 లక్షలు డెబిట్, డీలర్ల ఖాతా క్రెడిట్. గోడౌనుకు చేరినప్పుడు వాపసు సరుకు ఆస్తి 68 లక్షల 64 వేలు స్టాకులోకి మారుతుంది. కిరాయి, పరీక్ష, సంచి మార్పుకు నిజంగా పెట్టిన 7 లక్షల 80 వేలు కూడా స్టాకుకే చేరతాయి. మొత్తం 76 లక్షల 44 వేలు. ఇది 18,200 నెగ్గిన ప్యాకెట్లకు 420 చొప్పున సరిగ్గా సరిపోతుంది. ఈ సరిపోవడమే మీకు పరీక్ష. మొలక ఫలితాల్లో 30కి బదులు 45 శాతం ఓడితే స్టాకు ఒక్కో ప్యాకెట్టుకు 420 కంటే ఎక్కువ మోస్తున్నట్లు తేలుతుంది, ఆ తేడాను వెంటనే నష్టంగా రాయాలి, వచ్చే ఏడాది ఆ 30ని మార్చాలి.

డిసెంబరు 31న ఖరీఫ్ రీఫండ్ బాధ్యత ఎంత మిగిలిందో చూడండి. విత్తనం వాపసులు అప్పటికి ముగిసి రెండు నెలలు దాటుతుంది. ఇవ్వవలసిన క్రెడిట్ నోట్లు కొన్ని తప్ప ఏమీ మిగలకూడదు. పెద్ద మొత్తం మిగిలి ఉంటే రెండే కారణాలు: వాపసు సరుకు వచ్చినా గోడౌను వాళ్లు రసీదు వేయలేదు, లేదా జూన్‌లో కావాలని ఎక్కువ ఆపుకుని మార్చిలో లాభం తక్కువైతే వాడుకుందామని ఎవరో దాచారు. నేను చూసిన ఒక కంపెనీలో మూడేళ్ల పాత రీఫండ్ బాధ్యత అలాగే ఉండిపోయింది. అడిగితే "అది జాగ్రత్త కోసం" అన్నారు. వాపసు గడువు తీరిన సీజనుకు జాగ్రత్త అంటూ ఏమీ ఉండదు, దాన్ని ఆదాయంలోకి తీసేయవలసిందే.

డీలర్లకు ఇచ్చే టర్నోవర్ డిస్కౌంటును ఈ లెక్కతో కలిపి చూడండి. అది నికర అమ్మకం మీద అయితే వెనక్కి రాబోయే 20,000 ప్యాకెట్ల మీద డిస్కౌంటు కట్టకూడదు. చాలాచోట్ల డిస్కౌంటు లెక్క సేల్స్ విభాగం కంప్యూటర్‌లో, వాపసు లెక్క ఖాతాల విభాగం కంప్యూటర్‌లో ఉండి ఒకదానికొకటి తెలియకుండా బతుకుతుంటాయి.

మీ లక్ష ప్యాకెట్లలో ఈ ఏడాదే మొదటిసారి మార్కెట్‌లోకి వచ్చిన హైబ్రిడ్ ఏదైనా ఉంటే దాన్ని ఈ మొత్తంలోంచి బయటికి తీయండి. దానికి చరిత్ర లేదు, రైతు రెండో ఏడాది మళ్లీ అడుగుతాడో లేదో తెలియదు, డీలరు మీ మొహమాటానికి తీసుకుని ఉండవచ్చు. అలాంటి 5,000 ప్యాకెట్లకు పాత హైబ్రిడ్ శాతం వాడడం కంటే, జూన్ 30 నాటికి రైతు చేతికి వెళ్లాయని స్టాకు రిజిస్టరులో చూసినవాటికే ఆదాయం రాసి, మిగతాదంతా రీఫండ్ బాధ్యతలో ఉంచుతాను. ఆగస్టులో గ్రామాల నుంచి మొలక, కాయ పట్టు కబుర్లు వచ్చాక ఆ అంకెను మళ్లీ చూస్తాను.